నీటి ప్రాజెక్టుకు ముందు ఆరు దోషాలు రాసుకోండి

బడుల్లో నీటి ప్రాజెక్టు అంటే ఎట్లా జరుగుతుందో టీచర్లందరికీ తెలుసు. ఫ్యాన్సీ షాపులో చార్టు కొంటారు. నీలం స్కెచ్ పెన్నుతో ఒక నీటిబొట్టు, దానికి కళ్లూ నోరూ, కింద ఒక నినాదం. ఒక పొద్దున ఊరి బజార్లో ర్యాలీ, ఫొటోలు వాట్సాప్ గ్రూపులోకి. ఎఫ్ఏ మార్కుల్లో ప్రాజెక్టు గడి నిండాలి కాబట్టి అందరికీ తొమ్మిదో పదో వేస్తాం. ర్యాలీ మీద నాకు కోపమేమీ లేదు, పిల్లలకు ఒక పూట ఆటవిడుపు. నా అభ్యంతరం మార్కుల దగ్గర. ఆ చార్టు చూసి ఆ పిల్లవాడికి నీటి గురించి ఏం తెలుసో, ఏం తెలియదో ఎవరూ చెప్పలేరు. చెప్పలేనప్పుడు పదికి తొమ్మిది దేనికి వేసినట్టు?

మాది కడప జిల్లా, మైదుకూరు వైపు ఒక హైస్కూలు. ఎనిమిదో తరగతికి సైన్సు చెప్తాను. నీటి మీద మూడు వారాల ప్రాజెక్టు యూనిట్ తయారు చేయాలంటే పనుల జాబితాతో మొదలుపెట్టకూడదని నా వాదన. పిల్లల నివేదిక ఏయే రకాలుగా చెడిపోవచ్చో ముందు రాసుకోవాలి. ఆ తర్వాత ఒక్కో లోపాన్ని అడ్డుకునే పనిని వెతకాలి. ఏ లోపానికీ సంబంధం లేని పని ఎంత సరదాగా ఉన్నా తీసేయాలి.

ఈ పద్ధతికి నమూనా నాకు మా జిల్లాలోనే దొరికింది. పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించి, భైరవుడి గుడి ముందు రాళ్ల మీద సంస్కృత శ్లోకాల్లో వేయించాడు. కట్టించినవారి పొగడ్తతో అది ఆగిపోలేదు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు సాధనాలూ, ఉండకూడని ఆరు దోషాలూ చెప్పింది. కట్టలోంచి నీరు కారడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై సాగు నేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం. వీటిలో ప్రతిదాన్నీ కట్ట మీద నిలబడి చూడవచ్చు, లేదా కొలవవచ్చు. 'చెరువు అందంగా ఉండాలి', 'ప్రజలకు స్ఫూర్తినివ్వాలి' లాంటివి అందులో లేవు. మన ప్రాజెక్టు రూబ్రిక్కులు చూడండి: 'సృజనాత్మకత 3, సహకారం 3, ప్రదర్శన 4'. ఏది చూసి మూడుకు రెండు వేయాలో వేసే టీచరుకే తెలియదు.

మొదటి రోజు ఆ ఆరు దోషాలూ బోర్డు మీద రాసి, మన నివేదికకు ఏ దోషాలు ఉండకూడదో చెప్పమని పిల్లల్ని అడుగుతాను. వాళ్ల మాటలు కొంచెం సర్దితే ఇలా తేలాయి. ఎట్లా వచ్చిందో చెప్పని అంకె ఉండకూడదు. లీటరా మీటరా తెలియని అంకె ఉండకూడదు. ఒక్కసారే కొలిచి నమ్మకూడదు. లెక్కకూ సలహాకూ పొత్తు కుదరకపోవడం దోషం. కొలవలేకపోయినదాన్ని దాచిపెట్టడం దోషం. ఆరోది రాజ్యాల సరిహద్దు దగ్గర పుట్టింది. రెండు రాజ్యాల నడుమ చెరువుంటే ఏమవుతుందని అడిగితే, "పూడిక తీయమంటే మీరు తీయండి, మీరు తీయండి అంటారు సార్" అని ఒకమ్మాయి చెప్పింది. అందుకని, ఎవరు చేయాలో తేలని సలహా కూడా దోషమే. ఆ జాబితా మూడు వారాలూ గోడ మీద ఉంటుంది. మార్కులు దాన్ని బట్టే.

ప్రశ్న చిన్నదిగా, ఎవరో ఒకరు నిజంగా తేల్చుకోవాల్సినదిగా ఉండాలి. 'మన ఊరి నీటి సమస్యలు' అని ఇస్తే పాఠ్యపుస్తకంలోని పేరాలే తిరిగి వస్తాయి. నేను ఇచ్చింది ఇది: మన బడి మిద్దె మీద పడే వాన నీటిని ఏం చేయాలి? తొట్టి కట్టి నిలవ చేయాలా, ఇంకుడు గుంత తవ్వాలా, ఇప్పటిలాగే వంకలోకి పోనివ్వాలా? మూడో వారం చివర తల్లిదండ్రుల కమిటీ ముందు చెప్పాలి. ఏదీ వద్దని చెప్పినా ఒప్పుకుంటాను, లెక్క ఉంటే చాలు.

మొదటి వారమంతా కప్పు మీదా మోటారు మీదా గడుస్తుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఇది చెప్పి వదిలేస్తే ఎవరికీ ఎక్కదు. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు చతురస్రం నేల మీద సుద్దముక్కతో గీయించి, దాని మీద మిల్లీమీటరు మందం నీరు ఎంతుంటుందో లెక్క కట్టిస్తే ఎక్కుతుంది. మా పొడుగాటి బ్లాకు మిద్దె 30 మీటర్లు, 8 మీటర్లు. పిల్లల్ని మిద్దె ఎక్కించకుండా కింద గోడల వెంబడి టేపు పట్టించాను. 240 చదరపు మీటర్లు వచ్చింది. జిల్లాలో ఏడాదికి సగటున దాదాపు 700 మిల్లీమీటర్ల వాన. మిద్దె కొంత పీల్చుకుంటుంది, కొంత ఆవిరవుతుంది, కొంత చిమ్మి బయట పడుతుంది కాబట్టి పదింట ఎనిమిది వంతులే చేతికొస్తుందనుకుంటే ఏడాదికి 1,34,400 లీటర్లు.

తర్వాత బడికి రోజుకు ఎంత కావాలో చూడాలి. తలా ఎంత వాడుతున్నారని అడిగితే ఊహలే వస్తాయి. మోటారు పైపు మూతి దగ్గర 15 లీటర్ల బకెట్టు పెట్టి ఫోన్లో టైమ్ చూశారు. 20 సెకన్లలో నిండింది, అంటే నిమిషానికి 45 లీటర్లు. వాచ్‌మన్ మోటారు వేసిన టైమూ ఆపిన టైమూ వారం రోజులు పుస్తకంలో రాశారు. సగటున రోజుకు 40 నిమిషాలు. 1,800 లీటర్లు. ఇక్కడ ఒక గ్రూపు బకెట్టును మోటారు దగ్గర పెట్టకుండా కొళాయి కింద పెట్టింది. వాళ్లకు సగం కూడా రాలేదు, ఎందుకంటే కొళాయి సన్నం. రెండు అంకెలూ గోడ మీద పక్కపక్కన పెడితే 'ఎట్లా వచ్చిందో చెప్పని అంకె' ఎందుకు దోషమో మళ్లీ వివరించే పని తప్పింది.

1,34,400ని 1,800తో భాగిస్తే దాదాపు 75 రోజులు. క్లాసంతా సంబరపడింది. మిద్దె నీటితో రెండున్నర నెలలు గడిచిపోతాయట! చాలా ప్రాజెక్టులు ఇక్కడే ఆగి చార్టెక్కుతాయి. అది తప్పుడు సంబరం. ఏడాది వాన ఒక్క రోజు రాదు, వచ్చిన రోజు పట్టుకోవడానికి చోటు కావాలి. 5,000 లీటర్ల ప్లాస్టిక్ తొట్టి పెట్టామనుకోండి. 26 మిల్లీమీటర్ల వాన ఒక్కటి కురిస్తే నిండిపోతుంది. మన దగ్గర సెప్టెంబరు, అక్టోబరుల్లో అంత వాన ఒక రాత్రి పడటం వింతేం కాదు. నిండిన తొట్టి బడికి మూడు రోజులు కూడా చాలదు. ఆ మూడు రోజుల్లోపు ఇంకో వాన వస్తే మిగిలిందంతా వంక పాలే. వాన లేని వేసవిలో తొట్టి ఖాళీ. శాసనంలో ఆరో దోషం ఇదే కదా అని నేను గుర్తు చేయాల్సిన పని లేకుండానే ఒక అబ్బాయి అన్నాడు. ఆ మాట విన్నాక మిగతా క్లాసు నేను మాట్లాడలేదు.

వర్షం లెక్కకు సీసా కోసి వానకొలత చేయించడం అలవాటు. చేయించండి గానీ, అడుగున వంపు ఉన్న కూల్‌డ్రింక్ సీసాకు కింద గులకరాళ్లు వేసి, వంపు దాటి నిటారు భాగం మొదలైన చోటు దాకా నీరు పోసి, అక్కడ సున్నా గీత పెట్టాలి. లేకపోతే చిన్న వానకు అంకె తప్పు చూపిస్తుంది. మూడు వారాల్లో వాన పడకపోతే యూనిట్ ఆగిపోకూడదు. తహశీల్దారు కార్యాలయాల్లో రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు రాసుకునే వాన లెక్కలు ఉంటాయి, పోయిన సెప్టెంబరువి అడిగి తెచ్చుకుంటే సరిపోతుంది. దసరా సెలవుల ముందు మూడు వారాలు పెట్టుకుంటే వాన దొరికే అవకాశం ఎక్కువ.

రెండో వారం మట్టిది. ప్రాజెక్టు ప్రాణం అక్కడే ఉంది, అందుకే దానికి పీరియడ్లు ఎక్కువ కేటాయించాలి. మా బడి వెనక నల్లరేగడి. గేటు దగ్గర ఎప్పుడో గరుసు తోలించి మెరక చేశారు. రెండు చోట్లా ఒక అడుగు లోతు గుంత తవ్వించి, నీళ్లు పోయించి, స్కేలు నిలబెట్టి గంటకు ఎన్ని సెంటీమీటర్లు దిగిందో రాయించాను. మొదటి రోజు నల్లమన్ను గుంత నీటిని గటగటా తాగేసింది. పిల్లలు ఇంకుడు గుంతకు ఇదే సరైన చోటని తేల్చేశారు. మర్నాడు మళ్లీ పోయించాను. "సార్, నిన్న అంత తాగింది, ఈ పొద్దు తాగడమే లేదు" అని వచ్చారు. కారణం నేను చెప్పలేదు. గుంత పక్కన ఎండి నోళ్లు తెరిచిన నేలనూ, తడిసి మూసుకుపోయిన గుంత గోడనూ చూడమన్నాను. ఎండిన రేగడిలో బీటలుంటాయి, మొదటి నీరు వాటిల్లోకి పోతుంది. తడిసేకొద్దీ మన్ను ఉబ్బి బీటలు పూడిపోతాయి. వానాకాలంలో మనకు కావాల్సింది తడిసిన మన్ను తాగే వేగం. అందుకే ముందు రోజు గుంతను నానబెట్టి మరుసటి రోజు కొలవాలి. నానబెట్టాక నల్లమన్ను గంటకు ఒక సెంటీమీటరు, గరుసు గంటకు పన్నెండు.

'ఒక్కసారే కొలిచి నమ్మడం' అనే దోషం గోడ మీద ఉండబట్టే రెండో రోజు కొలత జరిగింది. పని ముందు రాసుకుని మూల్యాంకనం తర్వాత అతికించిన యూనిట్లో ఆ రెండో రోజు ఉండదు. 'గుంత తవ్వి చూశాం' అని ఫొటో పడుతుంది, తప్పుడు అంకె నివేదికలోకి పోతుంది, టీచరు సంతకం పెడతాడు.

ఇంకో చిన్న పని బకెట్టుది. ఇంకుడు గుంతను రాళ్లు, కంకర, ఇసుకతో నింపుతారు. ఒకటిన్నర మీటరు పొడవు, అంతే వెడల్పు, రెండు మీటర్ల లోతు గుంత అంటే 4,500 లీటర్లని పిల్లలు లెక్క కట్టారు. పది లీటర్ల బకెట్టు నిండా కంకర పోసి, అంచు దాకా ఎన్ని లీటర్ల నీరు పడుతుందో చూడమన్నాను. నాలుగు పట్టింది. అంటే ఆ గుంతలో నీటికి మిగిలే చోటు 1,800 లీటర్లే. ఇరవై మిల్లీమీటర్ల వానకు మిద్దె నుంచి వచ్చేది 3,840. సగానికి పైగా గుంత అంచు మీదుగా పొర్లిపోతుంది. పట్టిన 1,800 లీటర్లయినా గుంత అడుగు నుంచి గంటకు ఒక సెంటీమీటరు చొప్పున ఇంకితే గంటకు 22 లీటర్ల చిల్లరే, పూర్తిగా దిగడానికి 80 గంటలు. మూడు రోజులకు పైమాట. పక్క గోడల నుంచి కూడా కొంత ఇంకుతుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం తొందరగా దిగవచ్చు, ఆ సంగతి నివేదికలో రాయాలి.

అయితే గరుసు దగ్గర తవ్వుదామా? గరుసు రెండడుగులే ఉందనీ, దాని కింద మళ్లీ అదే రేగడి అనీ ఒక గ్రూపు పార పట్టి కనుక్కుంది. ఆ కింద ఏముందో అడుగు లోతు గుంత చెప్పదు. దానికోసం ఊళ్లో బావులు తవ్విన ఒక పెద్దాయన్ని పిలిపించాం. చాలా లోతు దాకా నల్లమన్ను, తర్వాత సుద్ద, ఆ కింద పలకరాయి అన్నాడు ఆయన. పిల్లలు ఆయన్ని "తాతా, సుద్దలో నీళ్లు దిగుతాయా?" అని అడిగారు. "దిగుతాయి గానీ బురద నీళ్లు పోస్తే రెండేండ్లకే మూసుకుపోతుంది. నీరు-మీరు పథకం అప్పుడు తవ్విన గుంతలన్నీ ఏమయినాయి?" అన్నాడు. బడి వెనక మూలన సగం పూడిన ఒక పాత గుంత ఉంది. అప్పటిదాకా అది చెత్తగుంట అనుకున్న పిల్లలు పలుగు తీసుకుని పోయారు. పైన ఆకులు, కింద ఒండ్రు, దాని కింద ఇసుక. మొదటి వాన మిద్దె మీది దుమ్మంతా కడిగి తెస్తుంది, ఆ నీటిని పక్కకు మళ్లించే ఏర్పాటు లేకపోతే ఏ గుంత అయినా ఇట్లాగే అవుతుందని వాళ్ల నోట్సులో వాళ్లే రాసుకున్నారు. ఎండిన బోరులోకి నేరుగా పైపు పెడదామన్న గ్రూపు కూడా అది చూశాక వెనక్కి తగ్గింది. వడపోత లేకుండా మిద్దె నీరు బోరులోకి వదిలితే ఆ మురికి నేరుగా భూగర్భ జలంలోకే పోతుంది.

మూడో వారం వాదనలది. ఆరు గ్రూపులూ ఒకే సలహా ఇవ్వలేదు. తొట్టి చిన్నదైనా సరే మరుగుదొడ్లకు మాత్రమే వాడదామని ఒకరు. గుంత సుద్ద దాకా లోతుగా తవ్వి, పైన వడపోత తొట్టి పెట్టి, ఏటా జూన్లో ఒండ్రు తీసే పనిని తల్లిదండ్రుల కమిటీకి అప్పగిద్దామని ఇంకొకరు. ఏమీ కట్టొద్దు, ముందు వంకకు పోయే దారిలో తుమ్మచెట్టు కింద మడులు చేసి నీరు నిలబెడదామని మరొకరు. మూడింటికీ మంచి మార్కులే వచ్చాయి, మూడింటిలోనూ సలహా లెక్క మీదే నిలబడింది. తక్కువ మార్కులు వచ్చిన నివేదిక అందరికంటే అందంగా ఉన్నది. దాంట్లో '75 రోజులు సరిపోతుంది' అనే అంకె రంగుల్లో ఉంది, తొట్టి ఎంతదో లేదు.

గ్రూపు నివేదికకు సగం మార్కులు, సగం ఒంటరి పనికి. గ్రూపులో ఒకరిద్దరు లెక్క చేస్తారు, మిగతావాళ్లు పేరు రాస్తారు. దీన్ని దబాయింపుతో ఆపలేం. చివరి రోజుల్లో ఒక పీరియడు అందరికీ వేర్వేరు మిద్దెలు ఇస్తాను: మీ ఇంటి మిద్దె, లేదా పక్కింటిది, కొలతలు మీరే తేవాలి. 15 మిల్లీమీటర్ల వానకు ఎంత నీరు, దాన్ని ఎక్కడ పట్టాలి, మీ నేల ఏది, మీకు తెలియనిది ఏమిటి. అదే దోషాల జాబితాతో దిద్దుతాను. మాది రేకుల ఇల్లు అని సిగ్గుపడే పిల్లలుంటారు, అందుకే 'పక్కింటిది' అనే అవకాశం ముందే ఇవ్వాలి. నిజానికి మిద్దె కంటే రేకు తక్కువ పీలుస్తుంది, వాళ్ల లెక్కలో చేతికొచ్చే నీరు ఎక్కువ. ఆ మాట క్లాసులో వాళ్లే చెప్పేటట్టు చూడాలి.

ఇక ఆత్మపరిశీలన. 'ఈ ప్రాజెక్టు ద్వారా మీరు ఏం నేర్చుకున్నారు?' అని చివర అడిగితే ముప్పై కాగితాల్లో ఒకే వాక్యం వస్తుంది: 'నీటిని వృథా చేయకూడదని తెలుసుకున్నాను.' అది మూడో తరగతిలోనే తెలుసు. పిల్లలది తప్పు కాదు, టీచరుకు ఏం కావాలో వాళ్లకు బాగా తెలుసు.

అందుకని మొదటి రోజే, ఏమీ కొలవకముందు, ఒక చీటీ మీద మూడు ఊహలు రాయిస్తాను. మిద్దె మీద ఏడాదికి ఎన్ని బిందెల నీరు పడుతుంది? నల్లమన్ను తొందరగా తాగుతుందా, గరుసా? బడికి ఏది మంచిది, తొట్టా గుంతా? చీటీలు కవర్లో పెట్టి అంటిస్తాను. ఈ ఊహలకు మార్కులు లేవని గట్టిగా చెప్పాలి, లేకపోతే పక్కవాడి చీటీ చూసి రాస్తారు. మట్టి గుంతల తర్వాత రెండో చీటీ: ఈ వారం ఏ కొలత మిమ్మల్ని ఆశ్చర్యపరిచింది, దాన్ని మళ్లీ కొలిచారా? చివర కవరు చింపి మొదటి చీటీ పక్కన పెట్టుకుని అర పేజీ రాయాలి: ఏ అభిప్రాయం మారింది, ఏ కొలత వల్ల మారింది, ఏది మారలేదు. మారకపోవడం తప్పు కాదు. మారిందని చెప్పినవాళ్లకే మార్కులిస్తే వచ్చే ఏడాది పిల్లలు మొదటి రోజు కావాలనే తప్పు ఊహలు రాస్తారు. అన్నల నుంచి తమ్ముళ్లకు ఈ సమాచారం చేరడానికి ఒక్క వేసవి చాలు. నేను మార్కు వేసేది ఒక్కదానికే: రాసిన మాట ఏదో ఒక కొలతను ముట్టుకుంటోందా లేదా. 'నల్లమన్ను నీరు తాగుతుందని రాసినాను, మొదటి దినం తాగింది, నానినాక గంటకు ఒక సెంటీమీటరే' అని తడబడుతూ రాసిన చీటీకి పూర్తి మార్కులు. నీరే ప్రాణాధారమని చక్కటి తెలుగులో పేజీన్నర రాసినదానికి సున్నా ఇవ్వలేక ఒకటి వేస్తాను.

సిలబస్ ఎట్లా పూర్తవుతుందని తోటి టీచర్లు అడుగుతారు. వైశాల్యం, ఘనపరిమాణం, సగటు ఇవన్నీ లెక్కల సారు పీరియడ్లలోవే, ఆయనా నేనూ కూర్చుని ముందే పంచుకున్నాం. నివేదిక రాయడం తెలుగు పీరియడులో సాగింది. సైన్సు నుంచి పోయింది రోజుకు ఒక పీరియడు. మూడు వారాలు దొరకవు, రెండే ఇస్తామంటే వానకొలత తీసేయండి, మోటారు లెక్క రెండు రోజులకు కుదించండి, కమిటీ ముందు చెప్పించడం కూడా వదిలేయవచ్చు. మట్టి గుంతను రెండో రోజు మళ్లీ కొలవడం, మొదటి రోజు చీటీలు అంటించి దాచడం మాత్రం వదలకండి.